పరుగెడుతుంటే కుడి డొక్కలో పోటు, ఆగకుండా తగ్గించుకోవచ్చా?

కొత్తబూట్లు
అందరికీ నమస్తే. నేను ఐదు కిలోమీటర్లు ఆగకుండా పరిగెత్తగలను, ఊపిరి బానే ఉంటుంది, కాళ్ళూ బానే ఉంటాయి. కానీ ఈమధ్య రెండో కిలోమీటరు దాటగానే కుడి పక్క, చివరి పక్కటెముక కింద పోటు మొదలవుతోంది. ముందు చిన్నగా లాగినట్టు ఉంటుంది, తర్వాత సూదితో పొడిచినట్టు అవుతుంది, గట్టిగా గాలి పీల్చుకోవాలంటే భయమేసి పైపైన పీల్చుకుంటాను, అది ఇంకా పెరుగుతుంది. ఆగి నడిస్తే రెండు మూడు నిమిషాల్లో పోతుంది, మళ్ళీ పరుగెత్తితే ఒక్కోసారి వెంటనే తిరిగొస్తుంది. వచ్చే నెల ఒక 10కె ఉంది, మధ్యలో ఆగి నడవాలని లేదు. ఇది ఎందుకొస్తుంది, వచ్చినప్పుడు పరుగులోనే ఏం చేయాలి?

రాంబాబు_రన్స్
బ్రో ఇది చాలా సింపుల్. కుడి వైపు లివర్ ఉంటుంది కదా, అది బరువైన అవయవం, పైన ఊపిరి ఆడించే కండరం డయాఫ్రమ్‌కి వేలాడుతూ ఉంటుంది, నువ్వు కుడి కాలు నేల మీద పెట్టినప్పుడల్లా గాలి వదులుతుంటే డయాఫ్రమ్ పైకి వెళ్తుంది లివర్ కిందికి లాగుతుంది, అందుకే పోటు. ఎడమ కాలు పడినప్పుడు గాలి వదలడం మొదలుపెట్టు, తగ్గిపోతుంది. నాకు ఎప్పుడూ పనిచేస్తుంది. అలాగే డయాఫ్రమ్‌కి ఆక్సిజన్ చాలక కూడా వస్తుంది, అందుకే కొత్తగా పరిగెత్తేవాళ్ళకి ఎక్కువ.

మెట్లమీద
నాకూ పక్కన నొప్పే, తుంటి పక్కనుంచి మోకాలి బయట వైపుకి దిగుతుంది, మెట్లు దిగేటప్పుడు ఇంకా ఎక్కువ. ఫోమ్ రోలర్ వాడుతున్నా. మీరు కూడా వాడి చూడండి, పడుకునే ముందు పది నిమిషాలు చాలు.

నీలిమ_టి
@మెట్లమీద మీది వేరే నొప్పండీ, అది తొడ బయట పక్కన ఉండే పట్టీది. ఆయన అడుగుతున్నది పొట్ట పైభాగంలో వచ్చే పోటు గురించి. దీనికి రోలర్ పెడితే పక్కటెముకలు నొక్కుకోవడమే తప్ప ఉపయోగం లేదు. మీదాన్ని వేరే థ్రెడ్‌గా పెడితే ఎవరైనా సరిగ్గా చెప్తారు.

శ్రావణి_ఫిజియో
కొత్తబూట్లు గారూ, సలహా చెప్పే ముందు కొన్ని అడగాలి, జవాబుల్ని బట్టి దారి మారుతుంది. పోటు ఉన్న చోటుని ఒక వేలితో చూపించగలరా, లేక పొట్టంతా పట్టేసినట్టు ఉంటుందా? పోటు వచ్చినప్పుడు కుడి భుజం పైన, మెడ పక్కన ఎక్కడైనా నొప్పి తోస్తుందా? పరుగుకి ముందు రెండు గంటల్లో ఏం తింటారు, ఏం తాగుతారు, ఎంత? మెల్లగా పరిగెత్తిన రోజు కూడా వస్తుందా, వేగంగా వెళ్ళిన రోజేనా? ఇంకొకటి, పరుగు లేనప్పుడు, కూర్చున్నప్పుడు, రాత్రి పడుకున్నప్పుడు ఎప్పుడైనా ఆ నొప్పి వచ్చిందా?

కొత్తబూట్లు
థాంక్యూ మేడం. ఒక వేలితోనే చూపించగలను, రూపాయి బిళ్ళంత చోటు. భుజం సంగతి మీరు అడిగాకే గమనించాను, నిన్న పోటు బాగా ఎక్కువైనప్పుడు కుడి భుజం కొసన సన్నగా నొప్పి ఉంది, బ్యాగు మోసినందుకేమో అనుకున్నా. పరుగులో తప్ప ఇంకెప్పుడూ రాలేదు. పొద్దున్నే వెళ్తాను కాబట్టి ఏమీ తినను, ఖాళీ పొట్టతో నీరసం రాకూడదని బయల్దేరే పావుగంట ముందు ప్యాకెట్ పళ్ళరసం పెద్ద గ్లాసు తాగుతాను, దాదాపు 400 మి.లీ. మెల్లగా వెళ్ళిన రోజు కూడా వస్తుంది కానీ తక్కువ. వేగంగా వెళ్తే తప్పకుండా వస్తుంది.

శ్రావణి_ఫిజియో
సరే, మీరు చెప్పినవాటిలో రెండు విషయాలు నాకు బాగా ఉపయోగపడ్డాయి, భుజం కొస నొప్పి ఒకటి, ఆ పళ్ళరసం ఒకటి.

భుజం సంగతి ముందు చెప్తాను. పొట్ట గోడ లోపల అంతా ఒక పల్చటి పొర ఉంటుంది, డయాఫ్రమ్ అడుగు భాగాన్ని కూడా అదే కప్పి ఉంచుతుంది. డయాఫ్రమ్ మధ్య భాగంలో ఆ పొరకి స్పర్శ ఇచ్చే నరం మెడలోంచి దిగుతుంది, భుజం కొసకి స్పర్శ ఇచ్చే నరాలు కూడా మెడలో ఆ చోటునుంచే వస్తాయి. అందుకే అక్కడ చిరాకు పుడితే మెదడుకి అది భుజం నొప్పిలా తెలుస్తుంది. ఉత్త పొట్ట కండరం పట్టేస్తే భుజం కొస నొప్పి పుట్టదు. పైగా పోటు ఉన్నప్పుడు ఆ చోట కండరాల విద్యుత్ సంకేతాలు కొలిచి చూశారు, కండరం పట్టేసినప్పుడు ఉండాల్సినంత హడావుడి కనపడలేదు. కాబట్టి చాలామంది అనుకునే "క్రాంప్" మాట దీనికి సరిగ్గా అతకదు.

ఆస్ట్రేలియాలో మోర్టన్, కాలిస్టర్ అనే ఇద్దరు దీని మీదే చాలా ఏళ్ళు పనిచేశారు. వాళ్ళ అభిప్రాయం ప్రకారం ఎక్కువ అవకాశం ఉన్న కారణం ఆ పొర చిరాకుపడటమే. పొట్ట నిండుగా ఉంటే లోపలి అవయవాలు ఆ పొరకి ఎక్కువగా ఒరుసుకుంటాయి, తీపి ఎక్కువున్న ద్రవం తాగితే పొరల మధ్య జారుడుగా ఉండే ద్రవం తీరు మారి రాపిడి పెరుగుతుందేమో అని కూడా అనుకుంటున్నారు. పరుగుకి ముందు రకరకాల ద్రవాలు తాగించి చూసినప్పుడు పళ్ళరసం తాగినవాళ్ళకి పోటు ఎక్కువ వచ్చింది. తీపి గాఢంగా ఉన్నది పొట్టలోంచి మెల్లగా కిందికి దిగుతుంది, కాబట్టి పావుగంటలో అది ఇంకా మీ పొట్టలోనే ఉంటుంది. 400 మి.లీ. అంటే తక్కువేం కాదు.

మీరు చేయాల్సిన మొదటి పని ఇదొక్కటే. ఒక వారం పళ్ళరసం మానేసి, గొంతు తడవడానికి రెండు మూడు గుక్కల నీళ్ళు మాత్రమే తాగి వెళ్ళండి. వేగం, దారి, బూట్లు ఏదీ మార్చకండి. అన్నీ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలీదు.

రాంబాబు_రన్స్
మేడం అంటే లివర్ లాగడం అనేది తప్పా? నేను చాలా చోట్ల చదివాను. కుడి వైపే ఎక్కువ రావడానికి ఇంకేం కారణం ఉంటుంది మరి.

శ్రావణి_ఫిజియో
రాంబాబు గారూ, మీ మాటని పూర్తిగా తీసిపారెయ్యను. కుడి వైపు ఎక్కువ అన్నది నిజమే, చాలా సర్వేల్లో కుడి వైపే కాస్త ఎక్కువ. ఊపుతో కూడిన ఆటల్లో ఎక్కువ అన్నదీ నిజమే, గుర్రపు స్వారీ చేసేవాళ్ళకి బాగా వస్తుంది, సైకిల్ తొక్కేవాళ్ళకి అంతకంటే తక్కువ. కానీ ఈత కొట్టేవాళ్ళకి పరుగెత్తేవాళ్ళంత ఎక్కువగా వస్తుంది. వాళ్ళు నీళ్ళలో అడ్డంగా తేలుతూ ఉంటారు, లివర్ కిందికి లాగేదేం లేదు. అందుకే లాగడం ఒక్కటే కారణమంటే నాకు నమ్మబుద్ధి కాదు.

ఆక్సిజన్ చాలకపోవడం సంగతి కూడా అంతే. గుర్రం మీద కూర్చున్నవాళ్ళ ఊపిరికి పరుగంత పని ఉండదు, డయాఫ్రమ్‌కి రక్తం చాలకపోయే పరిస్థితే రాదు, అయినా వాళ్ళకి పోటు వస్తుంది. కొత్తవాళ్ళకి తరచుగా వస్తుందన్న మాట నిజం. కానీ బాగా తయారైన రన్నర్లకి కూడా వస్తుంది. దీనికి వయసుతో సంబంధం ఎక్కువ, చిన్న వయసువాళ్ళకి ఎక్కువ, పెద్దయ్యే కొద్దీ తగ్గుతుంది.

ఎడమ కాలితో గాలి వదలడం వల్ల నష్టం ఏమీ లేదు, చేసి చూడమనే అంటాను. అది పనిచేస్తే లివర్ వల్లే పనిచేసింది అని మాత్రం అనను.

రాంబాబు_రన్స్
ఈత సంగతి నాకు తెలీదు, ఆలోచించాల్సిందే. కానీ నాకు ఎడమ కాలు పద్ధతి పనిచేస్తుంది, అది మాత్రం వదలను 🙂

అలలు
ఈత మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా, నేను ఈత కొడతాను, పరుగు తక్కువ. నాకు పోటు దాదాపు ఎప్పుడూ గోడ దగ్గర తిరిగి తన్నుకున్న తర్వాతే, ఒళ్ళు మెలితిప్పి సాగదీసే చోట, అదీ ఊపిరి సరిగ్గా తీసుకోకుండా తిరిగితే ఇంకా ఎక్కువ. ఎడమ వైపు వస్తుంది నాకు. నీళ్ళు తాగి దిగితే వస్తుంది, లేకపోతే రాదు. అందుకే నాకు శ్రావణి గారు చెప్పిన పొర సంగతి సరిగ్గా అనిపిస్తోంది. అడగాల్సింది ఏంటంటే, ఎడమ వైపు వస్తే అది గుండెకి సంబంధించిందా అని మా ఇంట్లోవాళ్ళు భయపెడుతున్నారు.

శ్రావణి_ఫిజియో
అలలు గారూ, ఎడమ వైపు పక్కటెముకల కింద, వేలితో చూపించగలిగే చోట, మెలితిరిగినప్పుడు పెరిగి ఆగితే పోయే పోటు గుండె నొప్పి తీరు కాదు. గుండెది సాధారణంగా రొమ్ము మధ్య బరువుగా, బిగుతుగా ఉంటుంది, ఎడమ చెయ్యికో దవడకో పాకొచ్చు, చెమట, వాంతి వచ్చేలా ఉండటం, ఊపిరి ఆడకపోవడం తోడవ్వొచ్చు. ఇక్కడ ఒక మాట అందరికీ గట్టిగా చెప్పాలి. గుండె నొప్పి కూడా శ్రమ చేస్తే వచ్చి ఆగితే తగ్గొచ్చు, కాబట్టి "ఆగితే తగ్గింది కదా, పోటే" అని తీర్మానించుకోకండి. నలభై దాటి, కొత్తగా మొదలైన నొప్పి, రొమ్ములో గానీ భుజం చెయ్యి వైపు గానీ ఉంటే పరుగు ఆపి డాక్టర్‌కి చూపించుకోండి. అలాగే పోటు పరుగు లేనప్పుడూ రావడం, ఆగాక గంటలు గంటలు ఉండిపోవడం, జ్వరం, ఆ చోట చేత్తో నొక్కితే విపరీతమైన నొప్పి, ఇవి ఉంటే పరుగు పోటు కాదు, చూపించుకోవాల్సిందే.

సీతాపతి_కోచ్
ఆలస్యంగా చూశాను ఈ థ్రెడ్. శ్రావణి గారు కారణం బాగా చెప్పారు, ఆయన అడిగిన రెండో ప్రశ్న మిగిలిపోయింది, పరుగులోనే ఏం చేయాలి అని. నేను పిల్లలకీ పెద్దలకీ నేర్పేది చెప్తాను.

పోటు మొదలైన మొదటి నిమిషంలోనే పని మొదలుపెట్టాలి, పూర్తిగా బిగుసుకున్న తర్వాత ఏది చేసినా ఆలస్యమే. ముందు వేగం తగ్గించు, ఎంత తగ్గించాలంటే పక్కవాడితో రెండు వాక్యాలు మాట్లాడగలిగేంత. ఆగకు, అడుగు వేస్తూనే ఉండు. తర్వాత గాలి వదలడం మీద దృష్టి పెట్టు. పోటున్నవాళ్ళు పైపైన పీల్చి పైపైన వదులుతారు, అలా చేస్తే డయాఫ్రమ్ ఎప్పుడూ సగం కిందికి దిగిన స్థితిలోనే ఉండిపోతుంది. పొట్ట ఉబ్బేలా నిండుగా పీల్చు, పెదాలు సున్నాలా చుట్టి, ఫూ అని వినపడేలా నిదానంగా వదులు. ఆరేడు సార్లు అలా. ఆ వదిలేటప్పుడు చూపుడు వేలు మధ్య వేలు కలిపి పోటున్న చోట లోపలికి, కాస్త పైకి నొక్కిపట్టు, పీల్చేటప్పుడు వదిలెయ్. గోళ్ళతో కాదు, వేళ్ళ మెత్తలతో.

అప్పటికీ తగ్గకపోతే నడక. నడుస్తూ పొట్ట కండరాలు బిగించి, నడుము దగ్గర కొంచెం ముందుకి వంగి, అదే ఊపిరి. 1999లో న్యూజిలాండ్‌లో ప్లంకెట్, హాప్కిన్స్ అనేవాళ్ళు ఇవే పరీక్షించారు, పొట్ట బిగించి ముందుకి వంగడం, నిండు ఊపిరితో పెదాలు చుట్టి వదలడం, నడుముకి వెడల్పు బెల్టు బిగించడం, మూడూ తగ్గించాయి. ముప్పై నలభై అడుగులు నడిచి మళ్ళీ మెల్లగా పరుగందుకో. తగ్గీ తగ్గకముందే పాత వేగానికి వెళ్ళిపోతే మళ్ళీ వస్తుంది, నీకు "వెంటనే తిరిగొస్తుంది" అన్నది అందుకే.

కొంతమంది చేతులు రెండూ పైకెత్తి పక్కకి వంగి సాగదీస్తారు, పోటు ఉన్న వైపు కాకుండా రెండో వైపుకి. ఇది కొంతమందికి మంచి ఉపశమనం ఇస్తుంది, కొంతమందికి పోటు ఇంకా లాగుతుంది. నాకు ఎవరికి ఏదో ముందే చెప్పడం రాదు, ఒక్కసారి చేసి చూసుకోవాలి.

నీలిమ_టి
సీతాపతి గారూ, ఊపిరికీ అడుగుకీ లెక్క కలపడం గురించి చెప్పండి. నేను రెండు అడుగులు పీల్చి రెండు అడుగులు వదులుతాను, అది తప్పా?

సీతాపతి_కోచ్
తప్పేం కాదమ్మా, మనుషులు పరిగెత్తేటప్పుడు ఎక్కువమంది సహజంగా పడే లెక్క అదే. దాంట్లో చిక్కు ఒక్కటే, రెండు రెండు అంటే మొత్తం నాలుగడుగులు, కాబట్టి గాలి వదలడం ప్రతిసారీ ఒకే కాలి మీద మొదలవుతుంది. పరుగు మొత్తం కుడి కాలే అయితే, గాలి వదిలే ఆ క్షణపు కుదుపు ఎప్పుడూ ఒకే వైపు పడుతుందని కొందరి వాదన. మూడడుగులు పీల్చి రెండడుగులు వదిలితే మొత్తం ఐదు, బేసి సంఖ్య కాబట్టి ఒకసారి కుడి ఒకసారి ఎడమ వంతులవారీగా మారుతుంది. మెల్లగా వెళ్ళే రోజు ఇది అలవాటు చేసుకో, వేగం పెరిగాక మూడు పీల్చడం కష్టం, అప్పుడు రెండు పీల్చి ఒకటి వదలడం, అదీ బేసే. ఇది రాంబాబు చెప్పినదానికి దగ్గరగానే ఉంది. ఇది పనిచేయడానికి అసలు కారణం కాలు మారడమా, లేక లెక్కపెట్టడం వల్ల ఊపిరి లోతుగా, ఒక లయలో పడటమా అన్నది నాకూ తేలలేదు.

శ్రావణి_ఫిజియో
నేను రెండోదే అంటాను సీతాపతి గారూ. పోటు వచ్చినవాళ్ళలో ఊపిరి చెదిరిపోవడం మనం రోజూ చూస్తాం, లెక్కపెడితే ఆ చెదరడం ఆగుతుంది. కాలు మార్చడం వల్ల తగ్గుతుందనడానికి గట్టి పరీక్ష ఏదీ నేను చూడలేదు.

సీతాపతి_కోచ్
మీరు చూడలేదు, నేను ట్రాక్ మీద చూస్తున్నాను. ఇద్దరు పిల్లలకి కాలు మారిస్తే తగ్గింది, లయ అంతకుముందు కూడా బానే ఉంది. ఇక్కడ మనం ఒప్పుకోం లెండి, మంచిదే.

కొత్తబూట్లు
వారం అయ్యింది, చెప్పినట్టే చేశాను. పళ్ళరసం మానేశా, రెండు గుక్కల నీళ్ళు మాత్రం. మెల్లగా వెళ్ళిన రోజుల్లో పోటు అసలు లేదు, ఐదు కిలోమీటర్లూ హాయిగా వెళ్ళా. భయపడినట్టు నీరసం కూడా రాలేదు. కానీ వేగంగా వెళ్ళిన రోజు నాలుగో కిలోమీటర్‌లో వచ్చింది, ముందు రెండో కిలోమీటర్‌లోనే వచ్చేది కదా, అంటే వెనక్కి జరిగింది. సీతాపతి గారు చెప్పినట్టు వేగం తగ్గించి పెదాలు చుట్టి వదిలాను, వేళ్ళు నొక్కాను, నిమిషంన్నరలో సగం పైన తగ్గింది, ఆగలేదు. కానీ మళ్ళీ వేగం అందుకోగానే మెల్లగా మళ్ళీ మొదలైంది. అంటే ఇంకేదో ఉంది.

శ్రావణి_ఫిజియో
చాలా బాగా చేశారు, ఒక్కటే మార్చడం వల్ల ఇప్పుడు లెక్క తేలింది. మెల్లగా వెళ్ళినప్పటి పోటు ఆ గ్లాసు వల్లే. వేగంలో మిగిలినది ఇంకోటి. మీరు వేగంగా వెళ్ళేటప్పుడు పక్కనుంచి ఎవరితోనైనా ఒక నిమిషం వీడియో తీయించి చూడండి, ముఖ్యంగా నాలుగో కిలోమీటర్‌లో, మొదట్లో కాదు. నేను చూడమనేది మీ వీపు పైభాగం. అలసిపోయే కొద్దీ భుజాలు ముందుకి వాలి, వీపు గూనిలా గుండ్రంగా అవుతోందా, తల ముందుకి వస్తోందా.

ఎందుకంటే మోర్టన్, కాలిస్టర్ 2010లో భంగిమ కొలిచి చూశారు, వీపు పైభాగం ఎక్కువ గుండ్రంగా ఉన్నవాళ్ళకి పోటు ఎక్కువ. పక్కటెముకల మధ్యనుంచి పొట్ట గోడకి వెళ్ళే నరాలు వీపు వెన్నెముక దగ్గరే మొదలవుతాయి. కొంతమందికి ఆ వెన్నుపూసలు వేలితో నొక్కితే పోటు వచ్చే చోటే నొప్పి పుట్టింది. అలాంటివాళ్ళకి పొట్ట వైపు ఎన్ని చేసినా సగమే తగ్గుతుంది.

కొత్తబూట్లు
వీడియో తీయించాను. మొదటి కిలోమీటర్‌లో నిటారుగానే ఉన్నా, నాలుగోదానికి వచ్చేసరికి భుజాలు చెవుల దాకా వచ్చాయి, తల కిందికి, చూపు కాళ్ళ ముందు రెండడుగుల దూరంలో. ఇంకో సంగతి కనపడింది, కుడి చేతిలో ఫోన్ పట్టుకుంటాను, ఆ చెయ్యి అసలు ఊగడం లేదు, పొట్టకి ఆనించి పెట్టుకుని పరుగెడుతున్నా, ఒళ్ళు మొత్తం కుడి పక్కకి కొంచెం వంగి ఉంది. నేనెప్పుడూ అలా పరుగెడతానని తెలీదు.

సీతాపతి_కోచ్
ఆహా, అసలు సంగతి దొరికింది. ఫోన్ నడుం బెల్టులో పెట్టు, అదీ బొడ్డు మీద కాకుండా వెనక వైపు, వదులుగా ఊగకుండా, అలాగని పొట్ట నొక్కేసేంత బిగుతుగా కాదు. వదులు బెల్టు ఎగిరెగిరి పడుతుంటే మళ్ళీ ఒళ్ళు దాన్ని పట్టుకోవడానికి వంగుతుంది.

భంగిమకి "నిటారుగా ఉండు" అని చెప్తే ఎవరూ ఉండలేరు, ఛాతీ ముందుకి పొడుచుకొచ్చి నడుము వెనక్కి విరుగుతుంది, అది కూడా చెడే. చూపు ఇరవై ముప్పై అడుగుల దూరంలో నేల మీద పెట్టు, తల దానంతటదే లేస్తుంది. ప్రతి కిలోమీటర్ గుర్తు దగ్గర రెండు చేతులూ కిందికి వదిలేసి రెండు సెకన్లు ఊపు, భుజాలు దిగుతాయి. మోచేతులు వెనక్కి వెళ్ళాలి, ముందు పొట్టకి అడ్డంగా కాదు. వంగాలంటే చీలమండల నుంచి కొంచెం ముందుకి వాలు, నడుము దగ్గర మడత పడకు.

సిక్స్‌ప్యాక్_గోపి
ఇన్ని ఎందుకు బ్రో, కోర్ స్ట్రాంగ్ చెయ్, రోజూ వంద సిటప్స్ చెయ్, పోటు మళ్ళీ జన్మలో రాదు.

శ్రావణి_ఫిజియో
గోపి గారూ, పొట్ట కండరాలకీ దీనికీ సంబంధం ఉందనడం నిజమే, కానీ అది సిటప్స్‌తో పెరిగే పై కండరం కాదు. లోపల నడుం చుట్టూ పట్టీలా చుట్టుకుని ఉండే కండరం మందంగా ఉన్న రన్నర్లకి పోటు తక్కువ వచ్చింది. అది పనిచేసేది బొడ్డుని వెన్ను వైపు లోపలికి లాక్కున్నప్పుడు, వెల్లకిలా పడుకుని ఒక కాలూ ఎదురు చెయ్యీ నెమ్మదిగా దించేలాంటి పనిలో. నిజానికి వంద సిటప్స్ చేస్తే వీపు గుండ్రం అయ్యే అలవాటు ఇంకా పెరిగి, కొత్తబూట్లు గారికి ఇప్పుడు ఉన్న ఇబ్బందే ఎక్కువవ్వచ్చు. పైగా ఆ కండరం మందమయ్యాక పోటు తగ్గిందా, పోటు తక్కువున్నవాళ్ళు ఎక్కువ పరిగెత్తడం వల్ల మందమైందా అన్నది తేలలేదు. నేనైతే వారానికి మూడు రోజులు ఆ కాలూ చెయ్యి దించేది చేయమంటాను, పోటు కోసమే కాదు, నడుం కోసం కూడా.

సిక్స్‌ప్యాక్_గోపి
సరే మేడం, నాకు పోటు రావట్లేదు కాబట్టి నాది పనిచేసినట్టే అనుకున్నా, చూస్తా.

అలలు
పరుగుకి ముందు ఎంతసేపు తినకూడదో చెప్పండి ఎవరైనా, పది కిలోమీటర్లంటే నీళ్ళు తాగకుండా ఎలా?

సీతాపతి_కోచ్
భారీ భోజనం అయితే కనీసం రెండు గంటలు, కొవ్వు ఎక్కువ ఉన్నది అయితే ఇంకా ఎక్కువ. నీళ్ళు మానేయమని ఎవరూ అనలేదు, ఒక్కసారే పెద్ద గ్లాసు తాగి వెంటనే పరిగెత్తడం వద్దు. పరుగు మధ్యలో దాహమైతే రెండు గుక్కలు, కాసేపటికి మళ్ళీ రెండు గుక్కలు. పది కిలోమీటర్ల రోజు పొద్దున తాగాల్సిన నీళ్ళు రెండు గంటల ముందే తాగేస్తే మంచిది, పరుగు మొదలయ్యేలోపు అది పొట్టలోంచి దిగిపోతుంది. వేడెక్కువున్న రోజు మాత్రం తక్కువ తాగాలని పంతం పట్టకండి, గుక్కలు తరచుగా తాగండి.

కొత్తబూట్లు
ఈరోజు సంగతి. ఫోన్ బెల్టులో వెనక పెట్టాను, మొదటి పది నిమిషాలు మెల్లగా వెళ్ళి తర్వాత వేగం పెంచా, చూపు దూరంగా, ప్రతి కిలోమీటర్‌కి చేతులు వదిలా. ఏడు కిలోమీటర్లు వెళ్ళాను. ఐదున్నర దగ్గర చిన్నగా లాగడం మొదలైంది, భుజాలు మళ్ళీ పైకి వచ్చాయని అప్పుడే గమనించాను, దించేసి పెదాలు చుట్టి ఓ ఐదారు సార్లు వదిలాను, వేగం కొంచెం తగ్గించాను. పూర్తిగా పోలేదు కానీ పొడుపు దాకా వెళ్ళలేదు, అలాగే ఏడూ పూర్తిచేశా. రాంబాబు గారి ఎడమ కాలు కూడా చూశాను, నాకు తేడా తెలీలేదు, మూడు పీల్చి రెండు వదలడం మాత్రం సుఖంగా ఉంది.

ఒక సందేహం మిగిలింది. చివరి కిలోమీటర్‌లో ఎత్తు దిగేటప్పుడు మళ్ళీ కొంచెం లాగింది, చదునులో లేదు. అది ఎందుకు?

రాంబాబు_రన్స్
ఎత్తు దిగేటప్పుడు కుదుపు ఎక్కువ కదా బ్రో, నా లివర్ మాట ఇక్కడ పనికొస్తుంది చూశావా!

శ్రావణి_ఫిజియో
కుదుపు ఎక్కువ అన్నది ఒప్పుకుంటాను రాంబాబు గారూ, పొరకి ఒరిపిడి పెరిగినా అదే కుదుపు వల్లే. కొత్తబూట్లు గారూ, దిగేటప్పుడు అడుగులు పొట్టిగా, తరచుగా వేసి చూడండి, మడమ ధనా ధనా పడకుండా. చాలామంది దిగేటప్పుడు బ్రేకు వేస్తున్నట్టు వెనక్కి వాలి ఊపిరి బిగబడతారు, మీరు అలా చేస్తున్నారేమో ఈసారి దిగే చోట వీడియో తీయించండి. అది చూశాక మళ్ళీ మాట్లాడదాం.

కొత్తబూట్లు
ఆదివారం దిగుడు ఉన్న దారిలోనే వెళ్తున్నా, తీయించి పెడతాను.